సాత్‌బారా సారాంశం: కాగితంలో ఉన్నదేది, చెప్పేవారు కలిపిందేది

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి వైపు చాలా తెలుగు ఇళ్లలో మాట తెలుగు, పొలం కాగితం మరాఠీ. పొలం హక్కుల వివరాలుండే సాత్‌బారా నకలు చేతికి రాగానే దాన్ని తెలుగులో క్లుప్తంగా చెప్పించుకోవడం మామూలే. కొందరు ప్రభుత్వ సేవలందించే సేతు కేంద్రంలో చదివించుకుంటారు, కొందరు బడికెళ్లిన పిల్లలతో చెప్పించుకుంటారు. ఇప్పుడైతే ఫొటో తీసి ఫోన్‌లోని ఏఐ యాప్‌కు ఇచ్చి తెలుగులో సారాంశం తీసుకునేవాళ్లూ ఎక్కువయ్యారు. ఎవరు చెప్పినా చిక్కు ఒకటే. చెప్పేవారు కాగితంలో ఉన్న మాటకు తమకు తోచిన మాట కలుపుతారు, రెండూ ఒకే వాక్యంలో ఒకే ధీమాతో వస్తాయి. మరాఠీ రాని మనిషికి వాటిని విడదీసుకునే దారి ఉండదు.

సారాంశం అడగడానికి మూడు పద్ధతులున్నాయి. కథలా ఒక పేరాగా చెప్పించుకోవచ్చు, మన ప్రశ్నలకు జవాబులుగా అడగవచ్చు, ప్రతి మాటకూ ఆధారం చూపించమని గడి వారీగా తీయించుకోవచ్చు. ఏ పనికి ఏది సరిపోతుందో, దేనిలో ఊహ ఎక్కడ దూరుతుందో ఒక్క నకలు మీదే చూద్దాం. ఇది ఉదాహరణ కోసం కల్పించింది, ఇందులోని అంకెలు ఏ పొలానివీ కావు.

నకలు ఇలా ఉందనుకోండి. పైన భూధారణా పద్ధతి దగ్గర "భోగవటాదార్ వర్గ్-2" అని ఉంది. ఎడమ వైపు క్షేత్రం, అంటే విస్తీర్ణం గడిలో వర్షాధార సాగు జిరాయత్ 1.22.00, నీటి వసతి ఉన్న బాగాయత్ ఎదుట ఏమీ లేదు, సాగుకు పనికిరాని పోట్‌ఖరాబ్ వర్గ్ అ 0.06.00, మొత్తం 1.28.00, ఆకారణీ 2.35. మధ్యలో ఒకే ఖాతా నంబరు కింద మూడు పేర్లు. మొదటి పేరు మీద అడ్డగీత ఉంది. రెండోది మామూలుగా ఉంది. మూడో పేరు తర్వాత "అ.పా.క. ఆయీ" అని, ఆ పక్కన ఒక స్త్రీ పేరు. పేర్ల కింద "సామాయిక్ క్షేత్ర 1.22.00". కుడి వైపు ఇతర హక్కులు రాసే ఇతర్ అధికార్ గడిలో ఒక బ్యాంకు పేర అప్పు భారం చూపే "బోజా రు. 80,000 (412)" అని ఉండి దాని మీద కూడా అడ్డగీత. దాని కింద ఇంకో వరుస ఉంది గానీ ఫొటోలో మసకబారింది. చివర "ప్రలంబిత్ ఫేర్‌ఫార్: నాహీ". కింద పంటలు నమోదు చేసే పికాంచీ నోంద్‌వహీలో ఒక ఏడాది ఖరీఫ్‌కు వరి అని రాసి ఉంది, తర్వాతి ఏడాది గడి ఖాళీ.

కథలా చెప్పే సారాంశం

ఇలాంటి నకలును ఒక పేరాగా చెప్పమంటే తరచూ వచ్చే జవాబు ఈ ధోరణిలో ఉంటుంది: "ఈ 1 ఎకరం 22 గుంటల భూమికి ముగ్గురు యజమానులు, ఒక్కొక్కరికి మూడో వంతు. భూమి మీద 80 వేల రూపాయల బ్యాంకు అప్పు ఉంది. ప్రస్తుతం భూమి బీడుగా ఉంది. వివాదాలు ఏవీ లేవు." చదవడానికి హాయిగా ఉంటుంది. అందులో నాలుగు వాక్యాలుంటే నాలుగూ తప్పో, ఊహో.

విస్తీర్ణంతో మొదలెడదాం. సాత్‌బారాలో 1.22.00 అంటే 1 హెక్టారు, 22 ఆర్, 00 చదరపు మీటర్లు. 100 ఆర్‌లు ఒక హెక్టారు, ఒక హెక్టారు 2.47 ఎకరాలు. అంటే ఇది 3 ఎకరాల పైన కొద్దిగా. గోదావరి అవతల తెలంగాణ కాగితాల్లో 1.22 అని రాస్తే 1 ఎకరం 22 గుంటలు. ఆ అలవాటుతో చదివితే పొలం సగానికి వచ్చేస్తుంది. మనుషులూ ఈ పొరపాటు చేస్తారు, తెలుగులో జవాబు అడిగితే యాప్‌లూ చేయగలవు, ఎందుకంటే తెలుగులో భూమి లెక్క అనగానే ఎకరాలు, గుంటలే ఎక్కువగా కనిపిస్తాయి. రెండో అంకె 40 దాటితే అది గుంట కాదని వెంటనే పట్టేయవచ్చు, 40 గుంటలకే ఎకరం కాబట్టి. 22 లాంటి అంకె వచ్చినప్పుడే పట్టుబడదు.

"మూడో వంతు" అన్న మాట కాగితంలో ఎక్కడా లేదు. సామాయిక్ క్షేత్ర అంటే ఉమ్మడి విస్తీర్ణం. ఆ ఖాతాలో ఉన్నవారికి కలిపి ఇంత అని రాశారు, ఎవరి వాటా ఎంతో రాయలేదు. వారసత్వంలో వాటాలు సమానంగా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. చెప్పేవారు పేర్లు లెక్కపెట్టి భాగించారు, అంతే. పైగా లెక్కపెట్టిన పేర్లలో ఒకటి కొట్టేసినది. 2020లో సాత్‌బారా నమూనా మార్చినప్పటి నుంచి చనిపోయిన ఖాతాదారులు, తీరిన బోజాలు వంటి రద్దయిన నమోదులను అడ్డగీతతో చూపిస్తున్నారు. అంతకు ముందటి నకళ్లలో వాటిని బ్రాకెట్లో పెట్టేవారు. హక్కు మార్పు నమోదైన ఫేర్‌ఫార్ నంబరు కూడా బ్రాకెట్లోనే వస్తుంది కాబట్టి పాత నకలు చదివేవారికి ఏ బ్రాకెట్ ఎందుకో తెలిసి ఉండాలి.

అడ్డగీత గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పెద్ద నష్టం ఇక్కడే. కాగితంలో అది గీత, అక్షరం కాదు. ఫొటో నుంచి గానీ పీడీఎఫ్ నుంచి గానీ అక్షరాలను మాత్రమే బయటికి తీసే పద్ధతిలో గీత అక్కడే ఉండిపోతుంది, పేరు మాత్రం బయటికి వస్తుంది. సారాంశం రాసే యాప్‌కు అందేది కొట్టేసిన పేరు, కొట్టేయని పేరు ఒకే వరుసలో. అందుకే చనిపోయిన మనిషి యజమాని అవుతాడు, తీరిపోయిన 80 వేలు అప్పుగా మిగులుతుంది. తిరగబడే సందర్భం కూడా ఉంది. గీత పడిన చోట అక్షరాలు చెడి, చదవలేక ఆ వరుసనే వదిలేస్తుంది. అప్పుడు పక్క వరుసలో బతికున్న బోజా కూడా కలిసి మాయం కావచ్చు. యాప్ చేతిలో పెట్టే ముందు నకలు మీద అడ్డగీతలు ఎన్ని ఉన్నాయో కంటితో లెక్కపెట్టుకోండి. దీనికి మరాఠీ రానక్కరలేదు. సారాంశంలో "కొట్టేసినది" అని అన్నీ రాకపోతే గీతలు యాప్‌కు కనబడలేదని అర్థం.

మూడో పేరు పక్కనున్న "అ.పా.క." అంటే అజ్ఞాన్ పాలక్ కర్తా. ఆ పేరు గలవారు మైనరు, తల్లి సంరక్షకురాలు. కథలా చెప్పే సారాంశం తల్లిని ఒక్కోసారి హక్కుదారుగా లెక్కిస్తుంది, ఒక్కోసారి ఆ మూడు అక్షరాలను ఇంటిపేరు పొట్టి రూపం అనుకుని మింగేస్తుంది. రెండూ ప్రమాదమే. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లోని 8వ సెక్షన్ ప్రకారం మైనరు స్థిరాస్తిని సహజ సంరక్షకులు కోర్టు అనుమతి లేకుండా అమ్మలేరు. ఇక్కడ నిజమైన అస్పష్టత కూడా ఉంది. నమోదు ఎప్పటిదో, ఆ పిల్లవాడు ఇప్పుడు మేజరయ్యాడో లేదో నకలు చెప్పదు. మంచి సారాంశం అక్కడ "మైనరుగా నమోదై ఉంది, పుట్టిన తేదీ కాగితంలో లేదు" అని ఆగుతుంది. ఇలాంటిదే "ఏ.కు.మే." అనే పొట్టి మాట. ఏకత్ర కుటుంబ మేనేజర్, అంటే ఉమ్మడి కుటుంబం తరఫున పేరు ఉన్న మనిషి. అతన్ని ఏకైక యజమాని అని చెప్తే మిగతా కుటుంబం కాగితం మీద మాయమవుతుంది.

"బీడుగా ఉంది" అన్నది ఖాళీ గడి నుంచి పుట్టింది. పొలం బీడు ఉంటే పంట గడిలో "పడ్" అని రాస్తారు. ఖాళీగా ఉంటే పంట నమోదు కాలేదని మాత్రమే తెలుస్తుంది. ఇ-పీక్ పాహణీ యాప్‌లో రైతు పంట ఎక్కించకపోయినా గడి ఖాళీగా ఉండవచ్చు. "నిరంక్" అని రాసి ఉండటం వేరు, ఏమీ రాయకపోవడం వేరు. మొదటిది "లేదు" అని ఎవరో చూసి రాసిన మాట, రెండోది ఎవరూ ఏమీ చెప్పని చోటు.

ఇక "వివాదాలు లేవు". దీనికి మూలం "ప్రలంబిత్ ఫేర్‌ఫార్: నాహీ" అన్న వరుస. దాని అర్థం ఈ గట్ నంబరు పొలం మీద ధ్రువీకరణ కోసం ఆగి ఉన్న ఫేర్‌ఫార్ ఏదీ లేదని. కోర్టులో కేసు లేదని కాదు, గట్టు తగాదా లేదని కాదు. ఉన్న చిన్న మాటను పెద్ద భరోసాగా మార్చారు. అదే పేరాలో "వర్గ్-2" అన్న మాట పూర్తిగా జారిపోయింది, "యజమాని" అన్న ఒక్క పదంలో కలిసిపోయింది. వర్గ్-2 భూమి అమ్మాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కొనేవారికి ఈ నకలులో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే.

ఈ పద్ధతి ఎందుకు ఇలా చేస్తుందంటే పేరా అంటేనే అతుకులు కనబడకుండా చెప్పడం. "ఇక్కడ గడి ఖాళీ, అక్కడ చదవలేకపోయాను" అంటే పేరా సాగదు. కాబట్టి చెప్పేవారు మనిషైనా యాప్ అయినా ఖాళీలో అలాంటి కాగితాల్లో మామూలుగా ఉండేదాన్ని పెడతారు. ఇది ఏ గట్ కాగితమో, ఏ ఊరిదో గుర్తుపట్టడానికి, పాత కాగితాల కట్టలోంచి కావలసింది ఏరుకోవడానికి పనికొస్తుంది. డబ్బు చేతులు మారే పనికి పనికిరాదు.

ప్రశ్న-జవాబు సారాంశం

పంట రుణం కోసమో, ఒకే విషయం తేల్చుకోవడానికో ఇది నయం. ఏం కావాలో మీరే అడుగుతారు కాబట్టి "వర్గ్" లాంటిది జారిపోదు. అయితే ప్రశ్నలోనే జవాబు దాగి ఉంటుంది. "అప్పు ఉందా, లేదా?" అంటే ఉంది, లేదు అన్న రెండే దారులిచ్చినట్టు. మసకబారిన వరుసకు అందులో చోటు లేదు. కాబట్టి ప్రశ్నతో పాటు ఏ జవాబులు ఒప్పుకుంటారో కూడా చెప్పాలి. యాప్‌కు ఇచ్చేటప్పుడు ఈ మాటలు అలాగే పెట్టవచ్చు, సేతు కేంద్రంలో మనిషినీ ఇలాగే అడగవచ్చు:

```
ప్రతి ప్రశ్నకు సంబంధించిన ప్రతి వరుసకూ ఈ నాలుగింటిలో ఒకటి చెప్పు:
1. రాసి ఉంది: ఏ గడిలో, ఏ మరాఠీ మాటల్లో (తెలుగు అక్షరాల్లో రాయి)
2. "నిరంక్" లేదా "నాహీ" అని రాసి ఉంది
3. గడి ఖాళీగా ఉంది
4. వరుస ఉంది కానీ చదవలేకపోతున్నాను
అడ్డగీత ఉంటే "కొట్టేసినది" అని రాయి.
ఊరికే "లేదు" అనకు. పేర్ల స్పెల్లింగ్ సరిదిద్దకు.
```

మన ఉదాహరణలో అప్పు గురించి అడిగితే అప్పుడు రెండు వరుసలు రావాలి: 80,000 బోజా కొట్టేసినది, కింద ఇంకో వరుస చదవలేనిది. ఆ రెండో వరుసే మనకు కావలసిన సమాచారం. అది కొత్త బోజా కావచ్చు, కౌలు నమోదు కావచ్చు.

పేర్ల సంగతి ఈ ప్రాంతానికి ప్రత్యేకం. మరాఠీ లిపిలో ఎ, ఏలకు ఒకే గుర్తు, ఒ, ఓలకు ఒకే గుర్తు. ఎల్లయ్య పేరు మరాఠీలో యెల్లయ్యా అనో యల్లయ్యా అనో ఎక్కుతుంది. మనవాళ్లు ఇంటిపేరు ముందు చెప్తారు, మరాఠీ కాగితంలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుస. రాసినవారు ఏ వరుస పట్టుకున్నారో ఒక్క నకలు చూసి తేల్చలేం, మధ్య పేరు తండ్రిదో మనిషిదో అనుమానమే. సారాంశం చెప్పేవారు మంచి మనసుతో ఆ పేరును మనం పలికేలా సరిదిద్దేస్తారు. అప్పుడు నకలులో పేరు, ఆధార్‌లో పేరు వేరుగా ఉన్నాయన్న సంగతి మీకు బ్యాంకు కౌంటర్ దగ్గర తెలుస్తుంది. అందుకే సరిదిద్దకు అన్న మాట తప్పనిసరి.

ఈ పద్ధతికి ఉన్న పరిమితి: అడగనిది రాదు. మైనరు గురించి అడగాలని తెలియకపోతే మైనరు సంగతి బయటపడదు.

గడి వారీగా, ఆధారంతో

కొనుగోలు, పంపకం, కోర్టు పని ఉంటే ఇదొక్కటే ఎంచుకోండి. ఒక పేజీ నకలుకు అరగంటైనా పడుతుంది. నకలు మీద పై నుంచి కిందికి ఒక్క గడి కూడా వదలకుండా, ప్రతి వరుసకూ ఒక గుర్తు పెడుతూ రాయించాలి. ఐదు గుర్తులు చాలు: రాసి ఉంది, లెక్క, ఊహ, ఖాళీ, అస్పష్టం. మన నకలుకు కొన్ని వరుసలు ఇలా వస్తాయి:

జిరాయత్ 1.22.00 (రాసి ఉంది). సుమారు 3.01 ఎకరాలు (లెక్క: 1.22 × 2.471).
బాగాయత్ (ఖాళీ).
మొత్తం 1.28.00 (రాసి ఉంది, 1.22 + 0.06 సరిపోయింది).
ఆకారణీ 2.35 (రాసి ఉంది). ఇది భూమి శిస్తు నిర్ణయం, ధర కాదు.
సామాయిక్ క్షేత్ర 1.22.00 (రాసి ఉంది). విడి వాటాలు (అస్పష్టం: కాగితంలో లేవు).
మొదటి పేరు కొట్టేసినది (రాసి ఉంది). చనిపోయినందుకా, హక్కు వదులుకున్నందుకా (అస్పష్టం).
ఇతర్ అధికార్ రెండో వరుస (అస్పష్టం: మసక).

ఇందులో "లెక్క"ను "రాసి ఉంది" నుంచి విడదీయడం అనవసరపు పట్టింపులా అనిపించవచ్చు. కానీ ఎకరాల అంకె సారాంశం రాసినవారిది, హెక్టారు అంకె ప్రభుత్వ కాగితానిది. పొరపాటు వస్తే ఏది వెనక్కి తీసుకోవాలో ఈ గుర్తే చెప్తుంది. "ఊహ" గుర్తును కూడా నిషేధించకండి. అనుభవం ఉన్న మనిషి "ఇది బహుశా వారసుల నమోదు" అంటే ఆ మాట పనికొస్తుంది, ఊహ అని రాసి ఉన్నంతవరకు.

మొత్తం గడి కూడిక అంకెల పొరపాట్లు పట్టడానికి మంచి సాధనం. మరాఠీ అంకెల్లో 1, 9 దగ్గరగా ఉంటాయి. చేతిరాతలో, పాత జిరాక్సుల్లో ఒకటి ఇంకోటిగా చదవడం సులువు. సాగు యోగ్యం, పోట్‌ఖరాబ్ కలిపితే మొత్తం రాకపోతే ఏదో అంకె తప్పు చదివారు. అప్పుడు సరిపోయేలా సర్దిన అంకెను ఒప్పుకోకండి, "కూడిక కలవలేదు" అని రాయించండి.

ఏ పద్ధతిలో తీసుకున్నా రెండు పరీక్షలతో ఊహను బయటికి లాగవచ్చు. మొదటిది కప్పి చూడటం. ఇతర్ అధికార్ గడి మీద తెల్ల కాగితం పెట్టి ఇంకో ఫొటో తీసి, కొత్త సంభాషణలో అదే ప్రశ్న అడగండి. గడి కనబడకపోయినా "బోజా లేదు" అని వస్తే ముందు చెప్పిన జవాబు కూడా చూసి చెప్పింది కాకపోవచ్చు. రెండోది కాగితంలో లేదని మీకు ముందే తెలిసినది అడగడం. తూర్పున ఎవరి పొలం ఉందో, మార్కెట్ ధర ఎంతో సాత్‌బారాలో ఉండదు. దానికి జవాబు చెప్పిన యాప్ మిగతావి కూడా కల్పించగలదు. ఒకే ఫొటోను రెండుసార్లు ఇచ్చి జవాబులు పోల్చడం కూడా చేస్తుంటారు. తేడా వచ్చిన చోటు తప్పకుండా అనుమానించాల్సిందే గానీ రెండుసార్లూ ఒకటే వచ్చిందని నమ్మకండి, గీత కనబడకపోతే రెండుసార్లూ కనబడదు.

ఏ నకలు ఇస్తున్నారన్నదీ ఎంపికలో భాగమే. bhulekh.mahabhumi.gov.in లో ఉచితంగా కనబడే నకలు సమాచారం కోసమే, చట్టపరమైన పనికి చెల్లదు. digitalsatbara.mahabhumi.gov.in లో 15 రూపాయలకు వచ్చే డిజిటల్ సంతకం నకలు చెల్లుతుంది, దాని పీడీఎఫ్‌లో అక్షరాలు కూడా తేటగా ఉంటాయి. జిరాక్సు ఫొటోకు బదులు ఇది వాడితే "అస్పష్టం" వరుసలు చాలావరకు తగ్గుతాయి. చేతిరాత నకళ్లను మాత్రం యాప్‌కు అప్పగించకండి. మరాఠీ చేతిరాత చదవగలిగిన మనిషి చేత, పైన చెప్పిన గుర్తులతోనే రాయించుకోండి.

కాగితం మౌనంగా ఉన్న చోట చట్టం మౌనంగా ఉండకపోవచ్చన్నది ఈ జిల్లాలో మరవకూడదు. ఆదివాసీ ఖాతాదారు భూమి ఆదివాసేతరులకు బదిలీ కావడానికి మహారాష్ట్ర భూ రెవెన్యూ కోడ్ 1966లోని 36, 36ఎ సెక్షన్లు అడ్డుకట్ట వేశాయి. నకలులో ఆ మాట రాసి ఉన్నా లేకపోయినా అవి వర్తిస్తాయి. "ఆంక్షలేవీ లేవు" అని సారాంశం చెప్తే అది కాగితం మాట కాదు.

గుర్తు పెట్టిన వరుసలను తర్వాత ఒక్కో కాగితంతో తేల్చుకోవాలి. కొట్టేసిన పేరు, వాటాలు తేలాలంటే ఆ వరుస పక్కనున్న ఫేర్‌ఫార్ నంబరు పట్టుకుని గ్రామ రెవెన్యూ అధికారి అయిన తలాఠీ దగ్గర నమునా 6 నకలు అడగండి. ఎందుకు మార్చారో, ఎవరెవరు వారసులో అందులో ఉంటుంది. ఖాతా పత్రమైన 8-అ తీసుకుంటే ఆ ఖాతా కింద ఆ ఊళ్లో ఇంకే గట్లు ఉన్నాయో తెలుస్తుంది, వాటాలు మాత్రం అందులోనూ దొరకవు. కొట్టేసిన బోజాకు 412వ ఫేర్‌ఫార్‌తో పాటు అది ఏ ఫేర్‌ఫార్‌తో తీసేశారో చూసి, బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం తీసుకోండి. మైనరు వయసుకు జనన పత్రం కావాలి. వర్గ్-2కు తహశీల్ కచేరీలో ఆ భూమి ఏ ఆదేశం కింద ఇచ్చారో అడగాలి. మసకబారిన వరుసకైతే కొత్త డిజిటల్ నకలు తీసి మొదట ఆ ఒక్క వరుసే చదివించండి.